స్లాబ్‌కు ముందు వారం

సొంత ఇల్లు కట్టించే ఒప్పందాల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది: 'స్లాబ్ పూర్తయ్యాక ఇంత'. ఇంటి యజమానికి అది న్యాయంగానే కనిపిస్తుంది. పని అయింది, డబ్బు ఇచ్చాడు. కానీ కట్టే మనిషి వైపు నుంచి చూస్తే స్లాబ్ పడే రోజు ఖర్చు మొదలయ్యే రోజు కాదు, దాదాపు ముగిసే రోజు. అప్పటికి ఇనుము వచ్చి, వంచి, కట్టి ఉంటుంది. సెంట్రింగ్ రేకులు, జాకీలకు రోజువారీ అద్దె నడుస్తుంటుంది. కార్పెంటర్ల కూలి, ఇనుము కట్టేవాళ్ల కూలి నాలుగైదు బట్వాడాల్లో వెళ్లిపోయి ఉంటుంది. చిన్న కాంట్రాక్టర్లు నష్టపు రేటుకు పని ఒప్పుకుని దెబ్బతినడం అందరికీ తెలిసిందే. లాభం ఉన్న పనిలో కూడా ఈ నాలుగు వారాల సందులో ఇరుక్కుని దెబ్బతింటారన్నది అంతగా బయటికి కనిపించదు.

ఒక ఇంటి లెక్క తీసుకుంటే విషయం తేటపడుతుంది. గుంటూరు, హనుమకొండ లాంటి ఊళ్ల శివార్లలో 200 గజాల స్థలం అనుకుందాం. కింద 1,200 చదరపు అడుగులు, పైన 1,200. మెటీరియల్‌తో సహా అడుగుకు రూ.2,000 చొప్పున మొత్తం 48 లక్షలు. కాంట్రాక్టరుకు అయ్యే ఖర్చు 43.2 లక్షలు, మిగిలేది 4.8 లక్షలు. సొంతంగా చేతిలో ఉన్నది 2 లక్షలు. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు; ఊరిని బట్టి, ఇంటిని బట్టి మారతాయి. జీఎస్టీని ఇందులో కలపలేదు. రేటులో అది కలిసి ఉందా, విడిగా కట్టాలా అన్నది ఒప్పందంలో ముందే రాసుకోవాలి. ఎందుకంటే మెటీరియల్‌తో కలిపి చేసే నిర్మాణ కాంట్రాక్టుపై పన్ను 18 శాతం. ఆ ఒక్క వాక్యం రాయకపోతే లాభమంతా అందులోనే కొట్టుకుపోవచ్చు.

ఇక కంతులు. మామూలుగా కాగితం మీద రాసుకునే తీరు ఇలా ఉంటుంది: ఒప్పందం రోజున అడ్వాన్సు 4.8 లక్షలు, ప్లింత్ బీమ్ అయ్యాక 4.8, మొదటి స్లాబ్‌కు 7.2, రెండో స్లాబ్‌కు 7.2, గోడలకు 4.8, ప్లాస్టరింగ్‌కు 7.2, టైల్సు-తలుపులకు 7.2, తాళాలు ఇచ్చేటప్పుడు 4.8. కూడితే 48. తప్పేమీ లేదు.

ఇప్పుడు ఖర్చును దీని పక్కన పెట్టాలి. పునాదులు తవ్వి, ఫుటింగులు వేసి, ప్లింత్ బీమ్ దాకా వచ్చేసరికి 6 లక్షలవుతుంది. అడ్వాన్సు 4.8 పోను 1.2 లక్షలు తన జేబులోంచి పెట్టాలి. రెండో కంతు వచ్చాక చేతిలో 3.6 లక్షలు ఉంటాయి. తర్వాత కాలమ్స్, బీములు, స్లాబ్ కలిపి 6.4 లక్షలు. అంటే స్లాబ్ కాంక్రీటు పడిన సాయంత్రానికి కాంట్రాక్టరు 2.8 లక్షల లోటులో ఉంటాడు. చేతిలో ఉన్నది 2 లక్షలే. మిగిలిన 80 వేలు సిమెంటు షాపులో బాకీ పెట్టాలి, లేదా వడ్డీకి తేవాలి. మొత్తం పని మీద 4.8 లక్షలు మిగలాల్సిన మనిషి, పదో వారంలో కూలీలకు బట్వాడా ఎలాగా అని ఫోన్లు చేస్తుంటాడు.

అదీ కంతు మర్నాడే చేతికొస్తుందనుకుంటే. రాకపోతే?

అసలు చిక్కు 'పూర్తి' అనే మాట దగ్గర వస్తుంది. "స్లాబ్ అయిపోయింది కదండీ" అంటాడు కాంట్రాక్టరు. "ఇంకా సెంట్రింగ్ విప్పలేదు కదయ్యా, విప్పి చూశాక ఇస్తాను" అంటాడు ఇంటాయన. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. కాంక్రీటు పనికి మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం 4.5 మీటర్ల లోపు గది మీది స్లాబ్‌కు ఆసరా జాకీలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. 6 మీటర్ల లోపు బీముల కిందైతే 14 రోజులు, ఇంకా పొడవైతే 21 రోజులు. యజమాని చెప్పినట్టు విప్పేదాకా ఆగితే రెండు మూడు వారాలు గడుస్తాయి. ఆ రోజుల్లో క్యూరింగ్‌కు నీళ్లు పట్టే మనిషి కావాలి, పై అంతస్తు కాలమ్స్ పని నడవాలి. లోటు 2.8 దగ్గర ఆగదు, నాలుగు లక్షల వైపు వెళుతుంది.

దీనికి బ్యాంకు తోడవుతుంది. ఇంటి రుణాన్ని బ్యాంకు ఒకేసారి ఇవ్వదు, పని సాగే కొద్దీ విడతలుగా వదులుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉన్న ఇంటి రుణం విలువలో 80 శాతానికి మించకూడదు కాబట్టి మిగతా వాటా యజమానే పెట్టుకోవాలి. బ్యాంకులు సాధారణంగా ఆ వాటా ముందు ఖర్చయ్యిందా అని చూస్తాయి. తర్వాత ప్రతి విడతకూ వాళ్ల ఇంజినీరు వచ్చి చూడాలి, ఫొటోలు తీయాలి, రిపోర్టు వెళ్లాలి. యజమానికి ఇవ్వాలని ఉన్నా డబ్బు రాదు. అందుకే ఒప్పందం రాసుకునే ముందే బ్యాంకు విడతల పట్టిక తెప్పించుకుని, కాంట్రాక్టరు కంతులను దానికి సరిపెట్టుకోవడం మంచిది. బ్యాంకు 'రూఫ్ లెవెల్' అని ఒకే విడత పెట్టి, ఒప్పందంలో రెండు స్లాబులకు రెండు కంతులు ఉంటే, మొదటి దానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలో యజమాని ముందుగా ఆలోచించుకోవాలి. ఇంజినీరును పిలిచే ఉత్తరం స్లాబ్ పడ్డాక కాదు, ఒక వారం ముందే వెళ్లాలి.

పరిష్కారానికి రేటు పెంచనక్కర్లేదు, అడ్వాన్సు పెంచనక్కర్లేదు. కంతును ఖర్చు దగ్గరికి జరిపితే చాలు.

మొదటి స్లాబ్‌కు రాసుకున్న 7.2 లక్షలను రెండు చేయాలి. సెంట్రింగ్ పూర్తయి, స్లాబ్ ఇనుము సైటులో దిగిన రోజున 3 లక్షలు. కాంక్రీటు పడిన రెండు రోజుల్లో 4.2 లక్షలు. ప్లింత్ కంతు తర్వాత చేతిలో 3.6 ఉంది. సెంట్రింగ్ అయ్యి ఇనుము దిగేసరికి 4.2 ఖర్చవుతుందనుకుంటే లోటు 60 వేలే. అప్పుడు 3 లక్షలు వస్తే చేతిలో 2.4. కాంక్రీటుకు, మిగతా కూలికి 2.2 పోతే ఇంకా 20 వేలు మిగులుతుంది. రెండో స్లాబ్‌కూ ఇదే పద్ధతి. టైల్సు, తలుపుల దశలో కూడా సరుకు సైటుకు చేరాక సగం, పని అయ్యాక సగం. ఇంటి ధర మారలేదు, లాభం మారలేదు. మొత్తం పనిలో పెద్ద లోటు మాత్రం 2.8 లక్షల నుంచి 1.2 లక్షలకు తగ్గింది, అదీ పునాది దగ్గర, మళ్లీ ప్లాస్టరింగ్ దగ్గర. చేతిలో ఉన్న 2 లక్షలు దానికి సరిపోతాయి.

ఇంటాయనకు దీనిలో భయం లేకపోలేదు. పని కాకముందే డబ్బిస్తే మనిషి కనిపించకపోతే? ఈ పద్ధతిలో ఆయన ఇచ్చేది మాటకు కాదు, కళ్ల ముందున్న సరుకుకు. ఇనుము దిగినప్పుడు కాటా చీటీ, షాపు బిల్లు చూసుకోవచ్చు. కావాలంటే ఆ 3 లక్షల్లో ఇనుము సొమ్ము నేరుగా షాపు ఖాతాకే పంపవచ్చు. నిజానికి యజమాని భయపడాల్సింది మరో చోట ఉంది: మొదట్లోనే బరువైన కంతులు రాయించుకునే ఒప్పందం. గోడలయ్యేసరికి ముప్పాతిక డబ్బు వెళ్లిపోయి, ప్లాస్టరింగ్, టైల్సు, రంగులు ఇంకా మిగిలి ఉంటే, ఆ పని మీద కాంట్రాక్టరుకు శ్రద్ధ ఉండటానికి కారణమే లేదు.

రెండు మూడు సైట్లు ఒకేసారి నడిపేవాళ్లకు ఇంకో ప్రమాదముంది. ఆషాఢంలో ముగ్గు పోయరు. శ్రావణం రాగానే అందరూ ఒకేసారి మొదలుపెడతారు. మూడు ఒప్పందాల అడ్వాన్సులు ఒకే నెలలో చేతికొచ్చేసరికి డబ్బు బాగా ఉన్నట్టు అనిపిస్తుంది. పది వారాలకు, దసరా దీపావళి రోజుల్లో, మూడు సైట్లూ ఒకేసారి స్లాబ్ దగ్గరికి వస్తాయి. పాత తీరులో ఒక్కో సైటుకు 2.8 చొప్పున 8.4 లక్షల లోటు ఒకే వారంలో పడుతుంది. కోస్తాలో అది వాయుగుండాల కాలం కూడా. వాన పట్టి కాంక్రీటు వారం ఆగితే సెంట్రింగ్ అద్దె మాత్రం ఆగదు. అప్పుడు చాలామంది చేసే పని, నాలుగో ఇల్లు ఒప్పుకుని దాని అడ్వాన్సుతో ఈ స్లాబులు వేయడం. అడ్వాన్సు అవసరం కాబట్టి రేటు తగ్గించి మరీ ఒప్పుకుంటారు. ఆ నాలుగో ఇంటి పునాదులకు డబ్బుండదు. ఏ సైటుకు ఆ సైటు విడి బ్యాంకు ఖాతా పెట్టుకుంటే ఈ జారుడు మొదట్లోనే తెలిసిపోతుంది. ఒక ఖాతాలోంచి ఇంకో ఇంటి ఇనుముకు డబ్బు కదిలిందంటే, అది ఎన్ని రోజుల్లో ఎలా తిరిగొస్తుందో రాసుకోవాల్సిందే. ముగ్గు పోసే రోజులు మార్చలేకపోయినా, ఒక్కో సైటు పని మూడేసి వారాల తేడాతో నడిపితే ఒకే సెంట్రింగ్ సామాను, ఒకే ముఠా మూడు చోట్లా తిరుగుతాయి.

లెక్క రాయడానికి కంప్యూటరు అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు. ప్రతి బట్వాడా రోజున రాబోయే ఆరు వారాలు ఆరు వరసలుగా గీసుకుని, ఏ వారం ఏ కూలి, ఏ సరుకు, ఏ పాత బాకీ, ఏ కంతు అని రాసి, చివర మిగులు వేయాలి. కంతును రావాల్సిన వారంలో కాకుండా రెండు వారాలు వెనక్కి రాయడం అనుభవజ్ఞుల పద్ధతి. అలా రాసినా మిగులు సున్నాకు దిగకపోతే పని నడుస్తుంది. నాలుగో వరసలో దిగుతోందంటే యజమానితో, షాపుతో మాట్లాడటానికి ఇంకా మూడు వారాలుంది. మధ్యలో వచ్చే అదనపు పనులు, సంపు పెద్దది చేయమనడం, కాంపౌండ్ గోడ ఎత్తు పెంచమనడం లాంటివి, అదే బుక్కులో రాసి ఇంటాయన సంతకం తీసుకుని వచ్చే కంతుతోపాటే వసూలు చేసుకోవాలి. చివర్లో చూసుకుందామన్న అదనపు పని మీదే ఎక్కువ గొడవలు జరుగుతాయి.

ఆ చివరి కంతు సంగతి. పై లెక్కలో రంగులు, ఫిట్టింగులు అయ్యేసరికి కాంట్రాక్టరు చేతిలో ఉన్నది సరిగ్గా సున్నా. రావాల్సిన 4.8 లక్షలే అతని మొత్తం లాభం, ఏడెనిమిది నెలల కష్టం. గృహప్రవేశం అయిపోయి చుట్టాలు వెళ్లాక, బాత్రూమ్ వాలు బాగాలేదనో, తలుపు పట్టేస్తోందనో అది ఆగిపోతుంటుంది. దాన్ని కూడా విడగొట్టాలి: రంగు మొదటి కోటు అయ్యాక 2.4 లక్షలు, ఇద్దరూ గదిగదికీ తిరిగి లోపాల జాబితా రాసుకుని, అవి సరిచేశాక, తాళాలు ఇచ్చే ముందు 1.9 లక్షలు, మిగిలిన 50 వేలు మొదటి వానాకాలం గడిచి, స్లాబ్‌లో, గోడల్లో చెమ్మ లేదని చూసుకున్నాక. ఆ 50 వేలు ఏ తేదీకి ఇవ్వాలో, ఏ లోపం ఉంటే ఎంత పట్టుకోవచ్చో ఒప్పందం మొదటి రోజునే రాయాలి.