రంగు మారినా బట్ట మారకూడదు

అమెజాన్‌లో ఏదైనా రౌండ్ నెక్ టీషర్ట్ పేజీ తెరిచి నలుపు మీద నొక్కండి, తర్వాత మెరూన్ మీద నొక్కండి. ఫొటో మారుతుంది, ఒక్కోసారి ధర కూడా మారుతుంది. పైనున్న నక్షత్రాలు, వాటి పక్కనున్న రివ్యూల లెక్క మాత్రం చాలాసార్లు కదలవు. నలుపు కొన్నవాళ్ల మాటా, మెరూన్ కొన్నవాళ్ల మాటా ఒకే కుప్పలో ఉంటాయి. అదంతట అదే జరిగేది కాదు. సరుకు ఎక్కించేటప్పుడు అమ్మకందారు అలా కట్టాడు.

కట్టే పద్ధతి ఇది. ముందు ఒక పేరెంట్ లిస్టింగ్ పెడతారు. దానికి ధర ఉండదు, స్టాకు ఉండదు, దాన్ని ఎవరూ కొనలేరు. మిగతావాటిని ఒక గొడుగు కిందకు తేవడమే దాని పని. దాని కింద చైల్డ్ లిస్టింగులు ఉంటాయి. నలుపు ఎం సైజు ఒకటి, నలుపు ఎల్ సైజు ఇంకొకటి. అమ్ముడుపోయేది ఇవే కాబట్టి ధర, స్టాకు, ఫొటో అన్నీ వీటికే విడివిడిగా ఉంటాయి. ఏయే విషయాల్లో తేడా ఉంటుందో పేరెంట్ దగ్గరే చెప్పాలి. మన టీషర్టుకు సైజు, రంగు రెండూ. ఎక్సెల్ షీటులో ఎక్కించేవాళ్లకు దీని రూపం సుమారుగా ఇలా కనిపిస్తుంది:

```
sku           parentage   parent_sku   color    size
TS-RN         parent
TS-RN-BLK-M   child       TS-RN        Black    M
TS-RN-BLK-L   child       TS-RN        Black    L
TS-RN-MRN-M   child       TS-RN        Maroon   M
```

తిరుప్పూర్ నుంచి టీషర్టులు తెప్పించి అమ్మే ఒక చిన్న వ్యాపారి ఉన్నాడనుకుందాం. నలుపు, తెలుపు, నేవీ బ్లూ, మెరూన్, గ్రే మెలాంజ్ అని 5 రంగులు. ఎస్ నుంచి డబుల్ ఎక్సెల్ వరకు 5 సైజులు. అంటే 25 చైల్డ్ లిస్టింగులు, వాటి పైన ఒక పేరెంట్. ఇప్పటికి 75 రివ్యూలు వచ్చాయనుకోండి. విడివిడిగా పెట్టి ఉంటే సగటున ఒక్కో దానికి 3 రివ్యూలు. 3 రివ్యూలున్న టీషర్టును ఎవరు నమ్ముతారు? కలిపితే 25లో ఏది తెరిచినా 75 కనిపిస్తాయి. నిన్ననే చేర్చిన కొత్త రంగు కూడా ఖాళీ చేతులతో మొదలుకాదు.

రివ్యూలు పేరెంట్‌లో ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ రివ్యూ అయినా ఎవరో కొన్న ఫలానా చైల్డ్‌కే అంటుకుని ఉంటుంది. కుటుంబంగా ఉన్నంతకాలం వాటన్నిటినీ కలిపి చూపిస్తారు, అంతే. అందుకే పేరెంట్‌ను తొలగించినా రివ్యూలు పోవు, చైల్డ్ లిస్టింగులూ పోవు. ఎవరి రివ్యూలు వాళ్లు పట్టుకుని విడిపోతాయి. కుటుంబం చిక్కుపడితే చాలామంది అమ్మకందారులు చేసే మరమ్మతు కూడా ఇదే. పేరెంట్‌ను తీసేసి, మార్పు సైటంతా పాకేదాకా ఒక రోజు ఆగి, సరిగ్గా మళ్లీ కడతారు.

చిక్కు ఎక్కువగా వచ్చేది టైపు చేసే చోట. ఒక వరుసలో Navy అని, ఇంకో వరుసలో Navy Blue అని పడితే కొనేవాళ్లకు ఒకే రంగు రెండు గడులుగా కనిపిస్తుంది. ఒకదాంట్లో ఎం సైజు ఉంటుంది, మరోదాంట్లో ఉండదు. సైజు దగ్గర XL, X-Large కలగలిసినా అదే గతి. ఇంకొందరు తేడా రంగులో మాత్రమే ఉందని ప్రకటించి 5 సైజులు ఎక్కించబోతారు. నలుపు పేరుతో 5 వరుసలు వస్తే ఏది ఏదో సిస్టమ్‌కు తెలియక తిప్పికొడుతుంది. వీటన్నిటికంటే ఖరీదైన తప్పు, నలుపు చైల్డ్‌కు నేవీ ఫొటో పెట్టడం. "రంగు వేరేది వచ్చింది" అని కోపంగా రాసిన ఒక్క నక్షత్రం రివ్యూ మిగిలిన 24 చోట్లా కనిపిస్తుంది. కలిసి ఉండటంలో లాభం ఎంతో నష్టమూ అంతే.

ఇంతవరకూ ఉన్నది గుమాస్తా పని. అసలు ఆలోచించాల్సింది గ్రే మెలాంజ్ గురించి.

మిగతా నాలుగూ నూటికి నూరు పాళ్లు కాటన్. బట్ట అల్లాక రంగు వేస్తారు, తెలుపైతే బ్లీచ్ చేస్తారు. మెలాంజ్ కథ వేరు. రంగు వేసిన పోగును తెల్లటి పత్తిలో కలిపి నూలు వడుకుతారు. ఆ చుక్కల బూడిద రంగు వచ్చేది అందువల్లే. కలిపే ఆ పోగు తరచుగా విస్కోసో పాలియెస్టరో అయి ఉంటుంది. లేబుల్ తిప్పి చూస్తే 85 శాతం కాటన్, 15 శాతం విస్కోస్ అనో, అలాంటిదేదో రాసి ఉంటుంది. రంగుల జాబితాలో అదీ ఒక రంగే. ఒంటికి మాత్రం అది వేరే బట్ట. ఉతికితే కుదించుకుపోయే తీరు, చెమట పీల్చే తీరు, ఉండలు కట్టే తీరు అన్నీ మారవచ్చు.

లెక్క వేసి చూద్దాం. నాలుగు రంగులకు 60 రివ్యూలు, సగటు 4.4. గ్రే మెలాంజ్‌కు 15 రివ్యూలు, ఉండలు కడుతోందన్న ఫిర్యాదులతో సగటు 2.8. మొత్తం కలిపితే దాదాపు 4.1. అమెజాన్ చూపే అంకె ఇలాంటి మామూలు సగటు కాదు, రివ్యూ ఎంత కొత్తది, నిజంగా కొన్నవాళ్లే రాశారా వంటివి కూడా చూస్తుంది. అయినా దిశ తెలియడానికి మన లెక్క చాలు. ఆ 4.1 చూసి గ్రే కొన్నవాడు మోసపోయినట్టే. నలుపు మీద అకారణంగా మచ్చ పడినట్టే. రెండు వైపులా అబద్ధమే చెప్పే అంకె అది.

కాబట్టి కలపాలా వద్దా అన్నది తేల్చడానికి నేనైతే ఒకటే ప్రశ్న వేస్తాను: దీని మీద రాసిన రివ్యూ దానికీ నిజమేనా? ఎల్ సైజు కొన్నవాడు "కొంచెం బిగుతుగా ఉంది, ఒక సైజు పెద్దది తీసుకోండి" అంటే అది ఎక్సెల్ కొనేవాడికీ పనికొస్తుంది. మెరూన్ మెడ సాగిపోతోందంటే నేవీకీ ఆ భయం ఉన్నట్టే, కుట్టు ఒకటే కాబట్టి. వీ నెక్ మోడల్ ఈ పరీక్షలో తప్పుతుంది, దానికి వేరే పేరెంట్ కావాలి. 180 జీఎస్ఎం బట్ట ఆపేసి 160 జీఎస్ఎం తెప్పించి పాత లిస్టింగులోనే అమ్మడం ఇంకా చెడ్డది. "బట్ట మందంగా ఉంది" అన్న పాత రివ్యూలు కొత్త పల్చటి చొక్కాను అమ్మిపెడతాయి.

దీన్ని ఎంత దూరం లాగవచ్చో అమెరికాలో ఒక కేసు చూపించింది. నేచర్స్ బౌంటీ విటమిన్లు అమ్మే బౌంటిఫుల్ కంపెనీ, కొత్తగా తెచ్చిన సప్లిమెంట్లను బాగా అమ్ముడయ్యే పాత వాటితో ఒకే కుటుంబంగా అమెజాన్‌లో కలిపించింది. తయారీలో పాళ్లు వేరైనా పాత రేటింగులు, రివ్యూలు, బెస్ట్ సెల్లర్ గుర్తు కొత్తవాటికి వచ్చిపడ్డాయి. 2023 ఫిబ్రవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని రివ్యూల హైజాకింగ్ అంది. ఈ తరహా ఆరోపణ మీద ఆ సంస్థ తీసుకున్న మొదటి చర్య అదే. రాజీలో కంపెనీ 6 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. టీషర్టు అమ్మే చిన్నవాడి దగ్గరికి కమిషన్ రాదు. వేరే సరుకును కలపడం అమెజాన్ నిబంధనలకూ విరుద్ధమే గనక కుటుంబం విడగొట్టేస్తారు, ఒక్కోసారి అమ్మకాలే ఆపేస్తారు.

మన వ్యాపారికి గ్రే మెలాంజ్ సంగతి ముందే తెలిసే దారి ఉంది. వాపసు వచ్చిన సరుకు రిపోర్టు ఎస్‌కేయూల వారీగా వస్తుంది. అందులో మొత్తం కాకుండా రంగు రంగుకీ అమ్మినవెన్ని, తిరిగొచ్చినవెన్ని అని చూసుకోవాలి. ఒక రంగు మాత్రమే మిగతావాటికి రెండు మూడింతలు తిరిగొస్తుంటే రేటింగ్ కిందికి జారకముందే ఆ విషయం బయటపడుతుంది. అప్పుడు గ్రేను వేరే లిస్టింగుగా పెట్టి, బట్ట మిశ్రమం పేరులోనే రాయాలి. ఆ 15 రివ్యూలూ దాని వెంటే వెళ్తాయి, వెళ్లాలి కూడా.

కొనేవాళ్లకైతే రివ్యూ రాసినవాళ్లు కొన్న రంగు, సైజు చాలాసార్లు ఆ రివ్యూతోనే చిన్న అక్షరాల్లో ఉంటాయి. గ్రే కొనే ముందు గ్రే వాళ్లు రాసినవి నాలుగైదు ఏరి చదివితే, పైన మెరిసే అంకె చెప్పని సంగతులు అక్కడ దొరుకుతాయి.