తప్పు లేబుళ్లను పట్టుకోవడం ఎలా?

మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు చేస్తున్న ఒక విద్యార్థిని ఇటీవల నన్ను అడిగింది: "ట్రెయినింగ్‌లో దాదాపు నూటికి నూరు వస్తోంది. కొత్త బొమ్మలిస్తే పడిపోతోంది. ఏం చేయమంటారు సార్?" ఆమె డేటాను తెరిచి చూస్తే కొన్ని బొమ్మలకు లేబుల్ తప్పుగా పడి ఉంది. మోడల్ ఆ తప్పులను కూడా బట్టీ పట్టేసింది.

ఇటువంటి తప్పులను వెతకడం నేర్చుకోవడానికి MNIST మంచిది. అందులో చేతిరాత అంకెల బొమ్మలు ట్రెయినింగ్‌కు 60,000, పరీక్షకు 10,000 ఉన్నాయి. ఎంతోమంది వాడిన ఆ పరీక్ష భాగంలోనే 15 తప్పు లేబుళ్లున్నాయని 2021లో పరిశోధకులు చూపారు. మీరు 6,000 ట్రెయినింగ్ లేబుళ్లను కావాలని మార్చి, ఏవి మార్చారో విడిగా రాసిపెట్టుకోండి. పట్టుకున్నారో లేదో తర్వాత సరిచూసుకోవచ్చు.

లాస్ అంటే, ఇచ్చిన లేబుల్‌ను మోడల్ ఎంతగా నమ్మడం లేదో చెప్పే అంకె. 0.9 సంభావ్యత ఇస్తే లాస్ సుమారు 0.1, 0.01 ఇస్తే 4.6. సగటు కాకుండా ఒక్కో బొమ్మ లాస్ విడిగా కావాలి:

```python
loss = F.cross_entropy(logits, y, reduction="none")
```

మోడల్ తాను చదివిన బొమ్మలనే కొలిస్తే లాభం లేదు. బట్టీ పట్టిన తప్పుకు కూడా లాస్ తగ్గిపోతుంది. అందుకే డేటాను ఐదు భాగాలు చేసి, 48,000తో నేర్పి, మిగిలిన 12,000ను కొలవాలి. ఇలా ఐదుసార్లు. నేర్పడం కూడా కొద్ది ఎపోక్‌లతో ఆపాలి, ఎందుకంటే మోడల్ ముందు సాధారణ పోలికలను, తర్వాతే తప్పులను నేర్చుకుంటుంది.

ఇప్పుడు ఎక్కువ లాస్ ఉన్నవాటిని పైకి తెచ్చి కళ్లతో చూడాలి. చాలామంది ఇక్కడే తొందరపడి పైవన్నీ తీసేస్తారు. నడుమ అడ్డగీత గీసి రాసిన 7కు లేబుల్ సరైనదే, కానీ అలా రాసేవారు తక్కువ కనుక దానికీ లాస్ ఎక్కువే. దాన్ని తీసేస్తే అలా రాసేవారి 7ను మోడల్ ఎన్నటికీ చదవలేదు. లేబుల్ తప్పయితే మార్చండి, మనకే తెలియకపోతే తీసేయండి, వింతగా ఉన్నా సరైనదైతే ఉంచండి.

అన్నీ చూసే తీరిక లేకపోతే, ప్రతి బ్యాచ్‌లో లాస్ మరీ ఎక్కువున్న కొన్నింటిని పక్కనపెట్టి, మిగిలినవాటితోనే నేర్పవచ్చు. దీన్ని మొదటి ఎపోక్ నుంచే మొదలుపెట్టకండి; అప్పటికి అన్నింటికీ లాస్ ఎక్కువే. ఎప్పుడు ఆపాలో తేల్చడానికి చేత్తో సరిచూసిన కొన్ని వందల బొమ్మలను వేరుగా ఉంచుకోండి.

ఒక రకం తప్పు మాత్రం ఈ వలలో పడదు. లేబుల్ వేసినవారు 4లలో సగానికి పైగా 9 అని రాస్తే, మోడల్‌కు అదే నిజమవుతుంది, లాస్ తక్కువగానే ఉంటుంది. పైగా సరిగ్గా 4 అని రాసినవే అనుమానితుల జాబితాలో పైకి వస్తాయి. ఆ విద్యార్థిని డేటాలో జరిగింది ఇంచుమించు ఇదే. ఒక తరగతి బొమ్మలే వరుసగా పైకి రావడం చూసి, లేబుల్ వేసిన మనిషిని అడిగితే బయటపడింది.