అవ్వ మీద జాలి రాస్తే మార్కులు రావు

స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లొచ్చిన ఏ తెలుగు మాస్టారినైనా అడిగి చూడండి. కవితా ప్రశంస ప్రశ్నకు పిల్లలు ఏం రాస్తారో పేపరు చూడకుండానే అప్పజెప్పేస్తారు. కవి పుట్టిన ఊరు, సంవత్సరం, బిరుదులతో అర పేజీ. కవితను వచనంలోకి మార్చిన కథ ఇంకో అర పేజీ. ఆపైన ‘కవి ఎంతో హృద్యంగా వర్ణించాడు’ అనే వాక్యం, చివర ‘కాబట్టి మనమందరం పేదలకు సాయం చేయాలి’ అనే హితవు. ఇందులో తప్పంటూ ఏమీ లేదు. ప్రశ్న అడిగినదానికి జవాబు మాత్రం లేదు.

ప్రశ్న అడిగేది మూడు సంగతులు. కవితలోని వస్తువు ఏమిటి, పదచిత్రాలు ఏం పని చేస్తున్నాయి, కవి స్వరం ఎలా ఉంది. ఈ మూడింటినీ విడివిడిగా బట్టీ పట్టించే గైడ్లు ఉన్నాయి. కానీ మంచి జవాబులో ఇవి విడిగా ఉండవు. పదచిత్రాన్ని పట్టుకుంటే అది వస్తువు దగ్గరకు తీసుకెళుతుంది, వస్తువు తెలిస్తే స్వరం వినిపిస్తుంది. ఇది ఎలా జరుగుతుందో చూడటానికి శ్రీశ్రీ రాసిన ‘భిక్షువర్షీయసి’ని తీసుకుందాం. 1950లో పుస్తకంగా వచ్చిన ‘మహాప్రస్థానం’లో ఉంది. చిన్న కవిత. పుస్తకం ఇంట్లో ఉంటే పక్కన పెట్టుకుని ఇది చదవండి.

కవితలో జరిగేది చాలా తక్కువ. రోడ్డు వారగా ఒక చెట్టు నీడలో ముసలి బిచ్చగత్తె మూలుగుతూ కూర్చుని ఉంది. ఈగలు ముసురుతున్నాయి. జబ్బు పడింది, అడుక్కునే ఓపిక పోయింది, ముందు చలికాలం ఉంది. ఈ అవ్వ చనిపోతే ఆ పాపం ఎవరిదని గాలి అడుగుతుంది. ఎముక కొరుకుతున్న కుక్క పలకదు. తొండ ఒక ఈగను నోట వేసుకుని తప్పుకుంటుంది. చీకటి పడుతుంది, దుమ్ము లేస్తుంది. ఎగిరొచ్చిన ఎంగిలాకు ఒకటి, పాపం తనది కాదని చెబుతుంది. అంతే.

ఇక్కడే ఎక్కువ మంది దారి తప్పుతారు. ‘ఈ కవిత వస్తువు పేదరికం’ అని రాసేస్తారు. పేదరికం అన్నది కవిత దేని గురించో చెప్పే మాట మాత్రమే. ఆ విషయం మీద కవిత ఏం అంటోందో చెబితేనే అది వస్తువు అవుతుంది. రెండింటికీ తేడా పట్టుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. మీరు చెప్పిన వస్తువు ఒక్క పదంలో ముగిసిపోతే అది ఇంకా పూర్తి కాలేదన్నమాట. దాన్ని వాక్యం చేయండి. ‘అందరి కళ్ల ముందూ జరగబోతున్న ఒక చావుకు బాధ్యత ఎవరూ తీసుకోరు’ అనండి. ఇప్పుడు ఇది శ్రీశ్రీ కవిత గురించి చెప్పిన మాట అయింది. కవితలో సగం గాలి అడిగిన ప్రశ్న చుట్టూ, దానికి దొరకని జవాబు చుట్టూ తిరుగుతుందని గమనిస్తే ఈ వాక్యం తనంతట తానే వస్తుంది. పేదరికమే వస్తువైతే గాలి, కుక్క, తొండ, ఆకు వచ్చే భాగం అక్కర్లేదు. అవ్వ వర్ణనతోనే కవిత అయిపోవాలి.

పదచిత్రాల దగ్గర ఇంకో రకం చిక్కు ఉంది. మన పిల్లలకు అలంకారాలు బాగా వచ్చు. అవ్వను చల్లారిన కుంపటితో పోల్చాడు, ఉపమేయం అవ్వ, ఉపమానం కుంపటి, కాబట్టి ఉపమాలంకారం అని చకచకా రాస్తారు. అక్కడితో ఆగిపోతారు. పేరు పెట్టడం వ్యాకరణం. ఇన్ని వస్తువులుండగా కుంపటే ఎందుకు అని అడిగినప్పుడు ప్రశంస మొదలవుతుంది.

కుంపటి ఇంట్లో ఉండే వస్తువు. దాని మీద వండుకుంటారు, దాని పక్కన చలి కాచుకుంటారు. ఒకప్పుడు వేడి ఇచ్చింది, ఇప్పుడు బూడిద మిగిలింది. కొన్ని పాదాల తరువాత కవి చలికాలం రాబోతోందని చెబుతాడు. ఈ రెండూ కలిపి చూడండి. నిప్పు లేని కుంపటి మీదికి చలి వస్తోంది. అవ్వకు ఏమవుతుందో కవి చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది. ఆమె తలను ముగ్గుబుట్టతో పోల్చడం కూడా ఇలాంటిదే. తెల్లజుట్టు అని చెప్పడానికి మంచు, పాలు, వెండి ఎన్నో ఉన్నాయి. కవి మళ్లీ ఇంటి వస్తువునే ఎంచుకున్నాడు, అదీ తెల్లవారుజామున వాకిట్లో ఆడవాళ్ల చేతిలో కనిపించేదాన్ని. ఇల్లు లేని మనిషిని చూపించడానికి వాడినవన్నీ ఇంటి సామాన్లు. ఒకప్పుడు ఈమెకూ ఒక వాకిలి ఉండేదేమో అనిపిస్తుంది. ఈ ‘ఏమో’ జవాబులో కూడా ఉండాలి. కవితలో లేని జీవితకథను నిజమన్నట్టు రాస్తే దిద్దేవారు ఒప్పుకోరు. ఫలానా పోలిక వల్ల నాకిలా అనిపించింది అని ఆధారం చూపిస్తే ఒప్పుకుంటారు.

ఇక పోలికల వరుస. కుంపటి, ముగ్గుబుట్ట, వెలుగు లేని గాజు, శవం, చివరికి పక్కనే పడి ఉన్న రాయి. ఒక్కో మెట్టు దిగుతున్నకొద్దీ ప్రాణం తగ్గుతోంది. కుంపటిలో ఒకప్పటి వేడి జ్ఞాపకమైనా ఉంది, రాతిలో అదీ లేదు. అవ్వ కవిత మధ్యకు వచ్చేసరికే లోకం లెక్కలో రాయి అయిపోయింది. ఆ తరువాతే గాలి ప్రశ్న వస్తుంది. పోలికలను విడివిడిగా జాబితా వేసే విద్యార్థికి ఈ దిగుడు కనిపించదు. వరుసగా చూసినవాడికి కనిపిస్తుంది.

రెండో భాగంలో ఒక విచిత్రం ఉంది, దాన్ని గమనించేవారు తక్కువ. అవ్వ తప్ప ఈ కవితలో ఇంకో మనిషి లేడు. అది దారి, మనుషులు నడిచే చోటు. అయినా ఒక్కరూ రారు. గాలి ప్రశ్న వేస్తుంది గానీ ఆగదు. కుక్క, తొండ తమ తిండి చూసుకుంటాయి. అవ్వను పీడించే ఈగల్లో ఒకటి తగ్గిందంటే అది తొండ ఆకలి వల్ల, దయ వల్ల కాదు. మనుషుల ఆనవాలు ఒకే ఒక్కటి, ఎంగిలాకు. ఎవరో దాంట్లో భోంచేసి పారేశారు. ఆ తిన్నవాళ్లు చెప్పాల్సిన జవాబును వాళ్లు వదిలిన ఆకు చెబుతోంది. పైగా ఆకు చెప్పింది నిజమే, పాపం దానిది కాదు. మరి ఎవరిది? కవిత ఆ ప్రశ్న దగ్గర మనల్ని వదిలేసి ముగిసిపోతుంది.

స్వరం గురించి రాయాల్సింది ఇప్పుడు సగం తేలిపోయింది. చాలామంది ఇక్కడ ‘కరుణ రసం’ అని రెండు మాటలు రాసి చేతులు దులుపుకుంటారు. రసం చదివేవారిలో కలిగేది. స్వరం కవి మాట్లాడే తీరు. చదివినప్పుడు మనకు జాలి కలగవచ్చు, అంతమాత్రాన కవి జాలిగా మాట్లాడుతున్నాడని కాదు. ఈ కవితలో అవ్వను దిక్కులేనిదని, దీనురాలని అనే చోట తప్ప కవి గొంతు ఎక్కడా తడవదు. శవం ఈమెకన్నా మేలనడం జాలిపడేవాడి మాట కాదు, మొహం తిప్పుకోకుండా చూసేవాడి మాట. మొదటి భాగంలో స్వరం పొడిగా, నిర్దయగా అనిపించేంత సూటిగా ఉంటుంది. గాలి ప్రశ్నతో నిలదీత మొదలవుతుంది. ఆకు మాటతో అది వ్యంగ్యంగా మారుతుంది. స్వరం గురించి రాసేటప్పుడు ఒకే విశేషణంతో సరిపెట్టకుండా, ఎక్కడ మారిందో ఆ చోటు చూపించాలి.

ఇదంతా జవాబుగా మారితే ఎలా ఉంటుంది? పదో తరగతి విద్యార్థి రాయగలిగిన భాషలో ఒక నమూనా:

‘భిక్షువర్షీయసి కవితలో శ్రీశ్రీ ఒక బిచ్చగత్తె చావుకు దగ్గరైన స్థితిని చూపిస్తూ, ఆ చావుకు బాధ్యులెవరని అడుగుతాడు. మొదటి భాగంలో ఆమెను చల్లారిన కుంపటితో పోల్చాడు. చలికాలం రాబోతోందని తరువాత చెప్పడం వల్ల ఈ పోలికకు బలం పెరిగింది. వేడి అయిపోయిన ఆమె చలిని తట్టుకోలేదని మనకు అర్థమవుతుంది. పోలికలు కుంపటితో మొదలై రాయితో ముగుస్తాయి. ఆమెలో ప్రాణం తగ్గుతున్న తీరును ఈ వరుస చూపిస్తుంది. రెండో భాగంలో గాలి ప్రశ్నకు ఏ మనిషీ జవాబు చెప్పడు. కుక్క, తొండ తమ ఆకలి తీర్చుకుంటాయి. ఎవరో తిని పారేసిన ఆకు తన పాపం కాదంటుంది. మనుషులు తప్పించుకున్న బాధ్యతను ఈ ఆకు గుర్తు చేస్తుంది. కవి స్వరం మొదట పొడిగా ఉండి, గాలి ప్రశ్న దగ్గర నిలదీతగా, చివరి మాటలో వ్యంగ్యంగా మారుతుంది. కవి ఎవరినీ నేరుగా నిందించకపోవడం వల్ల ప్రశ్న చదివేవారి వైపు తిరుగుతుంది.’

ఒక పేజీకి లోపే. కవి జీవితచరిత్ర లేదు, ‘మహాకవి’ అన్న మాట లేదు, నీతి లేదు. పరీక్షలో దీనికి తోడు కవితలోని మాటలు రెండు మూడు చోట్ల, ఒక్కోటి రెండు మూడు పదాలు మించకుండా, కొటేషన్ గుర్తుల్లో ఇస్తే ఆధారం గట్టిపడుతుంది. పాదాలకు పాదాలు దించితే అది జ్ఞాపకశక్తికి రుజువు, అవగాహనకు కాదు.

ఇదొక్కటే సరైన జవాబని అనుకోవద్దు. ఆకు కూడా అవ్వలాగే వాడి పారేసినది, కాబట్టి అది నేరస్థుల తరఫు సాక్షి కాదు, తోటి బాధితురాలు అని ఒక విద్యార్థి రాస్తే? అదీ నిలబడుతుంది, కవితలోంచే ఆధారం చూపిస్తున్నాడు కనుక. అదే విద్యార్థి ‘ఇది అభ్యుదయ కవిత, కాబట్టి పెట్టుబడిదారీ వ్యవస్థను ఖండిస్తుంది’ అని మొదలుపెట్టి అవ్వను, ఆకును తలవకుండా ముగిస్తే మార్కులు రావు. శ్రీశ్రీ పేరు చూసి ముందే సిద్ధం చేసుకున్న మాటలవి.

పరీక్ష రాయబోయే పిల్లలకు ఒక్క మాట. జవాబు పూర్తయ్యాక కవిత పేరును, కవి పేరును వేలితో కప్పి మళ్లీ చదవండి. మీరు రాసింది ఇంకో కవితకు కూడా అతికేలా ఉంటే ఆ వాక్యాలు కొట్టేసి, మిగిలిన సమయంలో ఒక్క పదచిత్రం గురించైనా ‘ఇదే ఎందుకు’ అన్నదానికి సమాధానం రాయండి.