చెల్లెలి 20 శాతం

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉందనుకుందాం. నాన్న పెట్టిన ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. ఆయన పోయాక షేర్లలో అన్నకు 50 శాతం, తమ్ముడికి 30, చెల్లెలికి 20 వచ్చాయి. తన కొడుకును డైరెక్టరుగా వేయాలంటాడు అన్న. వద్దంటారు మిగతా ఇద్దరూ. ఓట్లు 50కి 50, తీర్మానం నెగ్గదు. రేపు ఇంకో తీర్మానానికీ ఇదే గతి. దీన్నే డెడ్‌లాక్ అంటారు.

ఇలాంటప్పుడు ఒకరు ధర చెప్పాలని, రెండోవారు ఆ ధరకు కొనడమో అమ్మడమో చేయాలని కొన్ని ఒప్పందాల్లో రాస్తారు. మరీ తక్కువ చెబితే తన షేర్లే పోతాయి కాబట్టి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ 30 రోజుల్లో చెల్లెలికి డబ్బు పుట్టదని అన్నకు తెలుసు. ధైర్యంగా తక్కువే చెబుతాడు, ఆమె అమ్ముకోక తప్పదు. అందుకే కుటుంబ కంపెనీలో ఈ షరతు నాకు నచ్చదు. రిజిస్టర్డ్ వాల్యుయర్ కట్టిన ధర, డబ్బు కూడగట్టుకోవడానికి కనీసం 90 రోజులు ఉండాలి.

ఇప్పుడు కంపెనీ మొత్తం 20 కోట్లకు కొంటానని ఒకాయన వచ్చాడు. కొంటే పూర్తిగా కొంటాడు, 80 శాతంతో సరిపెట్టుకోడు. 75 శాతం వాటా ఉన్నవాళ్లు ఒప్పుకుంటే మిగతావాళ్లూ అమ్మాలని ఒప్పందంలో ఉంటే, అన్నదమ్ములిద్దరూ చెల్లెల్ని తమతోపాటు లాక్కెళ్లవచ్చు. ఇది డ్రాగ్ అలాంగ్. ఆమెకు అదే ధరకు 4 కోట్లు రావాలి. మోసం ఇక్కడే జరుగుతుంది. షేర్లకు 17 కోట్లే చూపించి, అన్నకు 'సలహాదారు ఫీజు' పేరుతో 3 కోట్లు విడిగా ఇస్తే చెల్లెలికి 3 కోట్ల 40 లక్షలే దక్కుతాయి. అమ్మేవాళ్లకు ఏ పేరుతో ముట్టినా అది ధరలో భాగమేనని రాసుకుంటే ఆ 60 లక్షలు ఆమెవే.

కొనేవాడికి సగం వాటాయే చాలనుకోండి. అన్న తన 50 అమ్మేసి వెళ్లిపోతే, చెల్లెలు ముక్కూమొహం తెలియనివాడితో మిగిలిపోతుంది. ట్యాగ్ అలాంగ్ ఉంటే ఆమె కూడా వెంట వెళ్లవచ్చు. ముగ్గురూ అమ్ముతామంటే కొనే 50 వాటాల వారీగా పంచుకుంటారు: అన్నది 25, తమ్ముడిది 15, ఆమెది 10.

ఇవన్నీ స్టాంపు కాగితం మీద రాసుకుంటే చాలదు. వి.బి. రంగరాజ్ కేసూ ఇద్దరు అన్నదమ్ముల కుటుంబ కంపెనీదే. ఎవరి శాఖ షేర్లు ఆ శాఖలోనే ఉండాలనుకున్నారు గానీ, ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లో రాయలేదు. షేర్ల బదిలీపై పెట్టుకున్న అలాంటి ఆంక్ష కంపెనీనిగానీ వాటాదారులనుగానీ కట్టిపడేయదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆర్టికల్స్ మార్చాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి. వ్యతిరేక ఓట్లకు మూడింతలు అనుకూలంగా పడాలి. తగవు వచ్చాక 50 శాతమున్న అన్న ఓటేయడు. కాబట్టి ఒప్పందంపై సంతకాలు పెట్టిన రోజే ఆ తీర్మానమూ చేసి, 30 రోజుల్లో MGT-14 దాఖలు చేయాలి.