ఒక్క స్టార్ వెనక అసలు కథ

"చెత్త మిక్సీ. డబ్బులు దండగ. ఎవరూ కొనకండి!" ఓ కొనుగోలుదారు ఇలా రాసి ఒక్క స్టార్ ఇచ్చాడనుకుందాం. కోపం తెలుస్తోంది, మిక్సీకి ఏమైందో తెలియదు.

కదిపి అడిగితే సంగతి బయటికొస్తుంది. 750 వాట్ల మిక్సీ, కొని మూడు నెలలైంది. చట్నీలు, పొడులు బాగానే అవుతున్నాయి. పెద్ద జార్ నిండా నానిన మినప్పప్పు వేస్తేనే మధ్యలో ఆగిపోతోంది. సరుకు ఆలస్యంగా రావడం ఆ కోపంలో సగం. కొరియర్ చేసిన ఆలస్యానికి మిక్సీ స్టార్లు కోయడం అన్యాయమే.

ఆగిందంటే పాడైందనీ కాదు. లోడు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా చాలా మిక్సీల్లో ఓవర్‌లోడ్ స్విచ్ కరెంటు ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి అడుగునున్న బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. అందుకే సగం జార్‌తో, తగినన్ని నీళ్లు పోసి రుబ్బి చూశాకే తీర్పు రాయాలి.

అప్పుడు రివ్యూ ఇలా మారుతుంది: "నలుగురున్న ఇల్లు, మూడు నెలల వాడకం. చట్నీలకు, పొడులకు బాగుంది. జార్ నిండా పప్పు వేస్తే ఆగుతోంది. సగమే వేస్తే మెత్తగా నలుగుతోంది. శబ్దం ఎక్కువ. రోజూ ఇడ్లీ పిండి రుబ్బేవాళ్లు గ్రైండర్ చూసుకోవడం మేలు. మూడు స్టార్లు."

సగం జార్‌కీ ఆగిపోతే? ఒక్క స్టారే సబబు, సర్వీస్ సెంటర్ ఏం చెప్పిందో, ఎన్నాళ్లకు బాగుచేసిందో కూడా జతచేసి.