నాలుగున్నర మిల్లీమీటర్ల బెజ్జంలో నాలుగు మిల్లీమీటర్ల స్క్రూ ఎందుకు దూరదు?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ట్రాయ్ నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. ఇంట్లో 3డీ ప్రింటర్ మీద సర్క్యూట్ బోర్డుకు పెట్టె, దాని మీద మూత చేసుకున్నారు. మూతకు 4.5 మి.మీ. బెజ్జాలు గీశారు. ఎం4 స్క్రూ, అంటే 4 మి.మీ. లావుది, అందులో బిగుసుకుపోయింది. ఊళ్లోని హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న స్క్రూ అసలు దూరనే లేదు. బలవంతంగా తిప్పితే మూత పగిలింది. అర మిల్లీమీటరు సందు వదిలినా ఇలా ఎందుకైందని అడుగుతున్నారు. ఇంత చక్కని ప్రశ్న వచ్చాక మిగతా ఉత్తరాలు వచ్చే నెల చూసుకుంటాను.

ప్లాస్టిక్ తీగను కరిగించి, సన్నని నాజిల్ నుంచి పొర మీద పొరగా పరిచే ప్రింటర్ గురించే ఇక్కడ చెబుతున్నాను. ఈ సమస్యకు చాలామంది తడుముకోకుండా చెప్పే కారణం, ప్లాస్టిక్ చల్లారితే కుంచించుకుపోతుందని. లెక్క వేస్తే ఆ మాట నిలవదు. ఇళ్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ వెయ్యింట రెండు మూడు వంతులే కుంచించుకుంటుంది. నాలుగు మిల్లీమీటర్ల బెజ్జానికి అది మిల్లీమీటరులో నూరో వంతు. మన బెజ్జాలు పోగొట్టుకునేది అంతకు సుమారు యాభై రెట్లు. ఈ నమ్మకంతోనే కొందరు బొమ్మ మొత్తాన్ని నూటికి ఐదు వంతులు పెంచేస్తారు. బెజ్జం సరిపోతుంది గానీ, నూరు మిల్లీమీటర్ల పెట్టె నూట ఐదవుతుంది!

అసలు దొంగలు ఇద్దరు. మొదటివాడు గీతలోనే ఉన్నాడు. పాఠకుడు వాడింది ఓపెన్‌స్కాడ్ అనే ప్రోగ్రాం. రాసిన వరుస ఇది:

```
cylinder(h = 10, d = 4.5);
```

దీన్ని చూసి మనం గుండ్రని బెజ్జం అనుకుంటాం. ప్రోగ్రాంకు గుండ్రం అంటూ ఏమీ లేదు, ఉన్నది బహుభుజి. ఎన్ని భుజాలో మనం చెప్పకపోతే, చుట్టుకొలతను సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి లెక్క తేలుస్తుంది. ఇక్కడ వచ్చేవి ఎనిమిది. ఆ ఎనిమిది మూలలూ 4.5 మి.మీ. వృత్తం మీదే ఉంటాయి, కానీ భుజాల మధ్యభాగాలు లోపలికి జరిగి ఉంటాయి. ఎదురెదురు భుజాల మధ్య దూరం 4.5ను కొసైన్ 22.5 డిగ్రీలతో గుణిస్తే వస్తుంది: 4.16 మి.మీ. ప్రింటర్ స్విచ్ వేయకముందే మూడో వంతు మిల్లీమీటరు మాయం.

రెండోవాడు నాజిల్ దగ్గర ఉంటాడు. నాజిల్ బెజ్జం చుట్టూ తిరుగుతుంటే బయటికి వచ్చే ప్లాస్టిక్ ఇంకా మెత్తగానే ఉంటుంది, కింది పొరకు పూర్తిగా అతుక్కోదు. మలుపు చుట్టూ లాగిన తాడు అడ్డదారి పట్టినట్టే, ఆ మెత్తని పోగు కూడా కేంద్రం వైపు జరుగుతుంది. వంపు ఎంత బిగువైతే జరగడం అంత ఎక్కువ. పైగా నాజిల్ పోగుకు రెండు అంచుల వైపూ ఒకే లెక్కన ప్లాస్టిక్ వదులుతుంది. లోపలి అంచు దారి పొట్టి కాబట్టి అక్కడ మిగిలిన ప్లాస్టిక్ బెజ్జంలోకే ఉబ్బుతుంది. ఇలా వ్యాసంలో మరో 0.2 మి.మీ. దాకా పోవడం మామూలే. 4.16లోంచి 0.2 తీసేస్తే మిగిలింది 3.96. ఎం4 స్క్రూ బిగుసుకోక ఏమవుతుంది?

ఈ రెంటికీ కలిపి ఒకే దెబ్బ కొట్టినవాడు ఇంగ్లండ్‌కు చెందిన క్రిస్ పామర్. ఇంటి ప్రింటర్లు కట్టుకునేవాళ్లకు నోఫెడ్ అనే పేరుతో తెలుసు. 2011లో ఆయన ఇచ్చిన ఉపాయం మొదట తలకిందులుగా కనిపిస్తుంది. బెజ్జాన్ని ఇంకా గుండ్రంగా చేయడానికి భుజాలు పెంచాలని అందరూ అనుకుంటుంటే, ఆయన తగ్గించమన్నాడు.

```
module polyhole(h, d) {
  n = max(round(2 * d), 3);
  cylinder(h = h, r = (d / 2) / cos(180 / n), $fn = n);
}
```

మన 4.5కు తొమ్మిది భుజాలు వస్తాయి. కొసైన్‌తో భాగించడం వల్ల ఈసారి భుజాల మధ్యభాగాలు వృత్తాన్ని తాకుతాయి, మూలలు 4.79 మి.మీ. వ్యాసం దాకా బయటికి పోతాయి. మొదటి దొంగ అక్కడ దొరికాడు. ఇక నాజిల్ ఇప్పుడు వంపు తిరగడం లేదు, తిన్నని గీతలు గీస్తోంది. తిన్నని గీతలో పోగును పక్కకు లాగేది ఏదీ లేదు. లాగుడు మూలల్లోనే జరుగుతుంది, ఆ మూలలు ముందే స్క్రూకు దూరంగా ఉన్నాయి కాబట్టి కాస్త లోపలికి జరిగినా ఎవరికీ నష్టం లేదు. పొరపాటు జరిగే చోటును పనికిరాని చోటుకు తోసేయడం! నాకు ఇంజనీరింగ్‌లో ఇంతకంటే ముచ్చటైన ఎత్తు వెంటనే గుర్తురాదు.

మీ ప్రింటర్ సంగతి తేల్చుకోవాలంటే 4, 8, 20 మి.మీ. బెజ్జాలతో ఒక పలక ప్రింట్ చేయండి, భుజాలు మాత్రం `$fn = 96` అని పెట్టండి. తగ్గుదల బెజ్జం సైజుతో పాటు పెరుగుతూ పోతే కుంచించుకోవడం. చిన్నవాటిలోనూ పెద్దదానిలోనూ దాదాపు ఒకేలా ఉన్నా, చిన్నవాటిలోనే ఎక్కువగా ఉన్నా తప్పు నాజిల్‌ది. కొలవడానికి కాలిపర్ వద్దు, చిన్న బెజ్జాల్లో దాని చదునైన దవడలు తక్కువ చూపిస్తాయి. డ్రిల్ బిట్ల వెనక కాడలు ఒక్కొక్కటే దూర్చి చూడండి.

పగిలిన మూత సంగతికి వస్తే, ఇది కొంత ట్రాయ్ మహిమ. డెట్రాయిట్ పక్కనే ఉన్న ఊరు. అక్కడి కార్ల కంపెనీలు 1970ల నుంచే మెట్రిక్ వైపు మళ్లాయి, వీధి చివర హార్డ్‌వేర్ దుకాణంలో మాత్రం ఇప్పటికీ అంగుళాల స్క్రూలదే రాజ్యం. ఎం4కు దగ్గరగా కనిపించే నంబర్ 8 స్క్రూ లావు 4.17 మి.మీ. దాకా ఉంటుంది, అది 3.96లో ఎలాగూ దూరదు. అంతకంటే చిక్కు దాని తలతో. చదును తల మూతలో మునగడానికి గీసే గరాటు లాంటి పల్లాన్ని కౌంటర్‌సింక్ అంటారు. మెట్రిక్ తల కోణం 90 డిగ్రీలు, అమెరికా అంగుళాల తలది 82. పాఠకుడు గీసింది 90. అందులో 82 తల పెడితే పైన చుట్టూ ఖాళీ, తాకేది అడుగున కాడ దగ్గర సన్నని అంచు ఒక్కటే. బిగింపు బలమంతా ఆ అంచు మీద పడి, తల మేకులా ప్లాస్టిక్‌ను పక్కలకు చీల్చింది. తలకు మార్కర్ రంగు పూసి, కొంచెం బిగించి తీసి చూడండి. పల్లం నిండా రంగు అంటితే సరే, అడుగున ఒక్క వలయమే కనిపిస్తే కోణం తప్పు. అదే బెజ్జం నిలువు గోడలో అడ్డంగా ఉంటే ఆ చీల్పు నేరుగా పొరల అతుకు మీదే పడుతుంది, మరీ తొందరగా విడిపోతుంది.

పెట్టెలో మరలు కూడా గీయాలా అన్నది ఉత్తరంలో చివరి ప్రశ్న. ఎం4కు వద్దు. మర నుంచి మరకు 0.7 మి.మీ., మన పొర 0.2, అంటే మరకు మూడున్నర పొరలే. మర లోతు నాజిల్ వేసే గీత వెడల్పు కంటే తక్కువ. 3.3 మి.మీ. బెజ్జం పామర్ పద్ధతిలోనే గీసి, చేత్తో ట్యాప్ తిప్పి మరలు కోసుకోండి. తరచూ విప్పే మూతైతే నట్టుకు 7 మి.మీ. గూడు వదలండి, కాస్త సందుతో.

సీసా మూత లాంటి పెద్ద మరలు గీయొచ్చు, 60 డిగ్రీల కోణాన్ని మాత్రం కాపీ కొట్టకండి. విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీలన్నాడు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్, వర్క్‌షాపులో కోయడానికీ కొలవడానికీ తేలికని 60కి మార్చాడు. ఆ కోణమే మెట్రిక్‌కూ వచ్చింది. ఇద్దరి ముందూ ఉన్నది ఇనుము కోసే పనిముట్టు, గాలిలో వేలాడే ప్లాస్టిక్ కాదు. నిలబెట్టి ప్రింట్ చేస్తే 60 డిగ్రీల మర వాలు నిలువు నుంచి 60 డిగ్రీలు బయటికి వాలుతుంది, 45 దాటితే పోగు కిందికి జారడం మొదలు. మర కోణం 90కి పెంచితే వాలు సరిగ్గా 45 దగ్గర ఆగుతుంది. అలాంటి బోల్టు ఏ దుకాణంలోనూ దొరకదు గానీ, సీసా, మూత రెండూ మీరే చేసుకుంటున్నప్పుడు దుకాణంతో పనేముంది?