రుణ కాలపరిమితి: చిన్న వాయిదా, పెద్ద వడ్డీ

ఇల్లు కొనడానికి మీరు 20 లక్షల రూపాయలు, సంవత్సరానికి 9 శాతం వడ్డీకి, అప్పు తీసుకుంటున్నారనుకుందాం. 20 ఏళ్లలో తీర్చాలంటే నెలవారీ వాయిదా సుమారు 17,995 రూపాయలు. 30 ఏళ్లకు పెట్టుకుంటే 16,092. నెలకు 1,903 రూపాయలు మిగులుతాయి కదా అనిపిస్తుంది. అయితే చెల్లించే మొత్తం వడ్డీ మొదటి పద్ధతిలో దాదాపు 23.19 లక్షలు, రెండవ పద్ధతిలో 37.93 లక్షలు. అప్పు, వడ్డీరేటు మారలేదు. మరి ఇంత తేడా ఎక్కడిది?

మొదటి నెల లెక్క వేసి చూడండి. 20 లక్షలపై ఒక నెల వడ్డీ 15,000 రూపాయలు. వాయిదాలో ముందు వడ్డీ పోతుంది, మిగిలినదే అసలుకు జమ అవుతుంది. 16,092లో అసలుకు చేరేది 1,092 మాత్రమే. 17,995లో 2,995 చేరుతుంది. అంటే వాయిదాను సుమారు 12 శాతం పెంచితే, అసలు తీరే వేగం దాదాపు మూడు రెట్లవుతుంది. కాలపరిమితి ఎంత పెంచినా వాయిదా ఆ 15,000 కన్నా తగ్గదు. మా విద్యార్థులు తరచుగా మరచిపోయేది ఇదే.

30 ఏళ్ల అప్పులో మొదటి అయిదేళ్లకు మీరు కట్టేది 9.65 లక్షలు. అసలులో తగ్గేది దాదాపు 82 వేలే. ఇల్లు అమ్మాల్సి వచ్చిన రోజున ఈ సంగతి బాధిస్తుంది.

ఇంకొక చిక్కు ఉంది. గృహరుణాలు ఎక్కువగా ఫ్లోటింగ్ వడ్డీపై ఉంటాయి. అప్పు తీసుకున్న కొత్తలోనే రేటు 9.75కు పెరిగిందంటే నెల వడ్డీ సుమారు 16,250 అవుతుంది. 16,092 వాయిదా వడ్డీకే చాలదు. అప్పు తగ్గకపోగా పెరుగుతుంది. ఇలా జరగకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశాలిచ్చింది. రేటు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అనేది ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలని కూడా అందులో చెప్పింది. గడువు పెరిగిందని బ్యాంకు నుంచి సమాచారం వస్తే, చదవకుండా పక్కన పెట్టకండి.

అలాగని 30 ఏళ్లు తప్పని నేననను. జీతం 40 వేలున్న కుటుంబానికి, ఇంట్లో చదువులు, వైద్యం ఖర్చులు ఉన్నప్పుడు, ఆ 1,903 నిజంగానే భారం కావచ్చు. పైగా పాతికేళ్ల తర్వాత కట్టే రూపాయికి నేటి రూపాయి విలువ ఉండదు, కాబట్టి 14.74 లక్షల తేడాను నేటి డబ్బుగా లెక్కించకూడదు.

అటువంటివారు ఎక్కువ గడువు తీసుకుని, వీలైనప్పుడు అదనంగా కట్టవచ్చు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు జరిమానా ఉండదు. నెలనెలా ఆ 1,903 అదనంగా కడితే, రేటు మారకపోతే, 30 ఏళ్ల అప్పు 20 ఏళ్లలోనే తీరుతుంది. అదనపు సొమ్ము కట్టినప్పుడు "వాయిదా తగ్గించవద్దు, గడువు తగ్గించండి" అని బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపి, తర్వాతి ఖాతా పట్టికలో అసలు ఎంత తగ్గిందో సరిచూసుకోండి.